కార్డు ముందు FIN, వెనక IND: ఇంతకీ నాది ఏ దేశం లైసెన్స్?

హన్మకొండ కుర్రోడు
అందరికీ నమస్కారం. నాలుగేళ్లు ఫిన్లాండ్‌లో, ఎస్పోలో పనిచేసి మార్చిలో జర్మనీకి, నూరెంబర్గ్‌కి మారాను. ఇండియాలో 2015లో తీసుకున్న లైసెన్స్ ఉండేది, TS03 తో మొదలయ్యే నంబరు. ఫిన్లాండ్‌లో ఉన్నప్పుడు దాన్ని వాళ్లకి ఇచ్చేసి ఫిన్నిష్ కార్డు తీసుకున్నాను. టెస్ట్ ఏమీ పెట్టలేదు. కార్లకు B ఇచ్చారు, బైక్‌కి మాత్రం రాలేదు.

గులాబీ రంగు కార్డు. ముందు పైన ఎడమ మూల నీలం చతురస్రం, దాంట్లో పన్నెండు పసుపు నక్షత్రాలు, మధ్యలో తెల్లగా FIN. అది చూసుకుని యూరప్ అంతా నడపొచ్చని నాలుగేళ్లూ ధీమాగా ఉన్నాను. ఇప్పుడు కంపెనీ కారు ఇస్తామన్నారు. జర్మన్ కార్డుగా మార్చుకుందామని ఇక్కడి లైసెన్స్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ ముందు వైపు ఒక్క క్షణం చూసి, వెనక్కి తిప్పి, 12 అని ఉన్న గడి మీద వేలు పెట్టింది. అక్కడ ఇలా ఉంది (అంకెలు దాచాను):

```
70.TS03xxxxxxxxxxx.IND
```

"ఇది ఇండియన్ లైసెన్స్ కిందే లెక్క, ఇలా మార్చడం కుదరదు" అని కార్డు నా ముందుకు జరిపింది. ఇంత కాలం వెనక ఏముందో నేను చదవనేలేదు, అది నా తప్పే. ముందు FIN అని ప్రభుత్వం ముద్ర వేశాక, వెనక మూడు అక్షరాలు చూసి కాదంటే ఎలా? ఎవరికైనా ఇలా జరిగిందా?

చార్మినార్ చౌరస్తా
బ్రో, ఆవిడకి రూల్స్ తెలియవు. నీలం గడిలో అక్షరాలే ఫైనల్. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం ఇచ్చిన లైసెన్స్‌ని మిగతా దేశాలన్నీ ఒప్పుకోవాలి. నేను లిథువేనియా కార్డుతో, LT అని ఉంటుంది, మూడేళ్లుగా నెదర్లాండ్స్‌లో నడుపుతున్నా. ఒక్కరూ అడగలేదు. వెళ్లి సూపర్‌వైజర్‌ని పిలవమని గట్టిగా అడుగు.

మెట్రో ముత్యం
70 అంటే గంటకి 70 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్ కాదా? మా మేనమామ కొడుకు ఇటలీలో ఉంటాడు. కొత్త డ్రైవర్లకి స్పీడ్ లిమిట్ ఉంటుందని చెప్పాడు.

చార్మినార్ చౌరస్తా
హహ, ముత్యం గారూ, స్పీడ్ లిమిట్ అయితే పక్కన TS03 ఎందుకు వస్తుందండీ, అది వరంగల్ సిరీస్.

డ్యూస్‌బర్గ్ బాబాయ్
ముందు ఒక మాట, తమ్ముడూ. ఈ సంగతి తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోకు. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

నాది ఒంగోలు. ఇక్కడ ఒక లారీల కంపెనీలో ఏడాదికి రెండుసార్లు డ్రైవర్లందరి లైసెన్సులూ చేత్తో పట్టుకుని చూడటం నా పని. పోలిష్, రొమేనియన్, లిథువేనియన్, జర్మన్, అన్ని రకాల కార్డులూ వస్తాయి. అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి భాష రాకపోయినా నంబర్లతో చదివేయొచ్చు. 1 ఇంటిపేరు, 2 పేరు, 3 పుట్టిన తేదీ, 4a ఇచ్చిన తేదీ, 4b గడువు, 4c ఇచ్చిన ఆఫీసు, 5 లైసెన్స్ నంబరు. వెనక 9 లో వాహనాల తరగతులు, 10 లో ఒక్కో తరగతీ మొదట వచ్చిన తేదీ, 12 లో కోడ్లు.

కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ముందు వైపు అక్షరాలు కార్డు ఎవరు అచ్చేసి ఇచ్చారో చెబుతాయి. అంతవరకే. డ్రైవింగ్ అర్హత ఎక్కడ పుట్టిందో తెలియాలంటే వెనక 12 చూడాలి. చార్మినార్ చెప్పింది సగం నిజం. ఒకరి లైసెన్స్ ఇంకొకరు ఒప్పుకోవాలన్నది యూరోపియన్ యూనియన్ 2006 నాటి లైసెన్స్ డైరెక్టివ్‌లో ఉన్న మాటే. కానీ అదే డైరెక్టివ్ 11వ ఆర్టికల్‌లో ఇంకో మాట కూడా ఉంది. బయటి దేశం లైసెన్స్‌ని మార్చి ఇస్తే ఆ సంగతి కార్డు మీద రాయాలి. రెన్యువల్ చేసినా, పోతే మళ్లీ ఇచ్చినా రాయాలి. ఆ మనిషి వేరే సభ్య దేశానికి మకాం మారిస్తే, ఆ కొత్త దేశం దాన్ని ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

ఆ రాత రూపమే 70. తర్వాత పాత లైసెన్స్ నంబరు, తర్వాత చుక్క, తర్వాత ఆ పాత దేశం అక్షరాలు. నీ కార్డు చెబుతున్నది ఇది: "ఫలానా నంబరు ఇండియన్ లైసెన్స్‌కి బదులుగా ఇచ్చినది." కౌంటర్‌లో ఆవిడ చదివింది కరెక్టే.

హన్మకొండ కుర్రోడు
బాబాయ్, గుండె ఆగినంత పనయింది. నేను మార్చి నుంచి అప్పుడప్పుడు రెంట్ కారు నడిపాను. ఒక్క అద్దె కంపెనీ కూడా వెనక చూడలేదు. అందరూ ముందు ఫోటో, గడువు చూసి తాళం ఇచ్చారు.

ఇంకో సందేహం. నాతో పాటు ఎస్పో నుంచి వచ్చిన ఒక పోలండ్ అబ్బాయి కార్డు మీద కూడా 70 ఉంది. అతనిది మాత్రం నిమిషంలో తీసుకున్నారు.

డ్యూస్‌బర్గ్ బాబాయ్
అతనికి 70 తర్వాత నంబరు, చివర PL ఉండి ఉంటుంది. అంటే పోలిష్ కార్డు ఇచ్చి ఫిన్నిష్ కార్డు తీసుకున్నాడు. రెండూ యూనియన్ లోపలి దేశాలే కాబట్టి ఇబ్బంది లేదు. 70 అనే అంకెతో గొడవ రాదు, దాని తోకలో ఉన్న అక్షరాలతో వస్తుంది. NL, PL, D లాంటివైతే నేను పేజీ తిప్పేస్తాను. IND, UA, BR లాంటివైతే ఆగి, ఆ డ్రైవర్‌ని కూర్చోబెట్టి మాట్లాడతాను.

70 కి, 71 కి తేడా కూడా చూసుకోండి. 71 అంటే పోయిన కార్డుకి డూప్లికేట్. దాని తోకలో ఇచ్చిన దేశం సొంత అక్షరాలే ఉంటాయి, `71.xxxxxxx.FIN` అన్నట్టు. పోయిన ఏడాది మా ఆఫీసులో కొత్త పిల్ల ఒకామె 71 చూసి కంగారుపడి ఒక రొమేనియన్ డ్రైవర్‌ని డ్యూటీ ఎక్కనివ్వలేదు. పాపం, అతని పర్సు పోయి కొత్త కార్డు తీసుకున్నాడు, అంతే.

జర్మనీ సంగతికి వస్తే, ఇక్కడి లైసెన్స్ నియమావళిలో 28వ సెక్షన్ నాలుగో పేరాలో ఒక జాబితా ఉంటుంది, ఎవరి యూనియన్ లైసెన్స్ ఇక్కడ చెల్లదో చెప్పేది. ఏడో అంశం నీ కోసమే రాసినట్టుంటుంది. జర్మనీ 11వ అనుబంధంలో లేని దేశం లైసెన్స్‌ని టెస్ట్ లేకుండా మార్చుకుని ఉంటే, ఆ కార్డుతో ఇక్కడ నడిపే హక్కు లేదు. ఆ అనుబంధంలో జపాన్ ఉంది, దక్షిణాఫ్రికా ఉంది, అమెరికాలో చాలా రాష్ట్రాలున్నాయి. ఇండియా లేదు.

చార్మినార్ చౌరస్తా
బాబాయ్, మీరు చెప్పింది చదివి ఇప్పుడే నా లిథువేనియా కార్డు తిప్పి చూశా. 12 ఖాళీగా ఉంది. అవును, నేను విల్నియస్‌లో చదువుకునేటప్పుడు టెస్ట్ రాసి తెచ్చుకున్నా కదా. అందుకే నన్నెవరూ అడగలేదన్నమాట. కుర్రోడా, సారీ, సూపర్‌వైజర్‌ని పిలవొద్దు.

కానీ నాకొక ఐడియా. ఫిన్నిష్ కార్డుని ముందు ఇంకో దేశంలో, ఒప్పుకునే చోట మార్చుకుని, తర్వాత దాన్ని జర్మనీకి తెస్తే? అప్పుడు తోకలో FIN ఉంటుంది కదా?

డ్యూస్‌బర్గ్ బాబాయ్
ఈ తెలివి నీకు ముందే చాలామందికి వచ్చింది నాయనా. మొదటిది, వేరే దేశంలో మార్చుకోవాలంటే అక్కడ కాపురం ఉండాలి. రెండోది, ఈ ఆఫీసులు కార్డు మీద రాతనే నమ్ముకుని కూర్చోవు. రెస్పర్ అని ఒక నెట్‌వర్క్ ఉంది, దానిలో ఒక దేశం లైసెన్స్ ఆఫీసు ఇంకో దేశాన్ని నేరుగా అడుగుతుంది. ఫిన్లాండ్ రికార్డులో IND ఉన్నంత కాలం కార్డు ఎన్ని చేతులు మారినా మూలం మూలమే.

లీడ్స్ లక్ష్మి
మా యూకేలో కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. యూనియన్ దేశం లైసెన్స్ ఉన్నా, అది బయటి దేశం లైసెన్స్ ఇచ్చి తీసుకున్నదైతే ఇక్కడ కాపురం పెట్టాక 12 నెలలే నడపొచ్చు. మా ఆయన స్నేహితుడు ఒకాయన ఇలాగే ఇరుక్కున్నారు. మా దగ్గర కోడ్ ఇంకా పొట్టిగా వేస్తారు, నంబరు లేకుండా `70ZA` అన్నట్టు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మా కొలీగ్ కార్డు మీద చూశాను. ఇండియన్ లైసెన్స్‌ని ఇక్కడ కార్డుగా మార్చరు కాబట్టి మన వాళ్ల కార్డుల మీద 70IND చూసే అవకాశం లేదు. నేను రెండోసారికి టెస్ట్ పాసయ్యాను, మొదటిసారి రౌండబౌట్ దగ్గర పోయింది.

నాకు వేరే సందేహం ఉంది, దారం తప్పిస్తున్నాను, క్షమించండి. నా కార్డు మీద UK అని ఉంది. పాత కార్డు మీద నక్షత్రాల మధ్య కూడా UK అనే ఉండేది. కానీ కార్ల వెనక స్టిక్కర్ మాత్రం GB ఉండేది కదా? పాస్‌పోర్ట్ మీద చూస్తే GBR. ఒక్క దేశానికి మూడు రకాల అక్షరాలేమిటి?

గోదారిగట్టు
లక్ష్మి గారూ, ఈ మూడూ వేరే వేరే కుటుంబాలవి. నాకు స్టాంపులు, నంబర్ ప్లేట్ల పిచ్చి, అందుకని కొంచెం తెలుసు.

కార్ల వెనక గుండ్రటి స్టిక్కర్ చాలా పాతది. 1909లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చిన పద్ధతి. బ్రిటన్ అప్పుడు GB తీసుకుంది. 2021 సెప్టెంబర్ 28న దాన్ని UK గా మార్చారు. స్వాతంత్ర్యానికి ముందు మన కార్లకి BI ఉండేది, బ్రిటిష్ ఇండియా అని. 1947 నుంచి IND. ఫిన్లాండ్‌ది 1993 వరకు SF, స్వీడిష్ పేరుతో కలిపి. తర్వాత FIN అయింది. లైసెన్స్ కార్డుల అక్షరాలు ఎక్కువగా ఈ కుటుంబం నుంచే వచ్చాయి. అందుకే జర్మనీకి D, స్పెయిన్‌కి E. బయటివాళ్ల పిలుపు కాకుండా తమ భాషలో తమ పేరు. D చూసి డెన్మార్క్ అనుకునేవాళ్లున్నారు, డెన్మార్క్ DK.

బ్రిటన్ దగ్గరే ఇది తప్పింది. యూనియన్ డైరెక్టివ్‌లో దేశాల అక్షరాల పట్టిక ఇచ్చినప్పుడు అక్కడ UK అనే రాశారు. దాంతో 1998లో ఫోటో కార్డు వచ్చినప్పటి నుంచి లైసెన్స్ మీద UK, అదే మనిషి కారు వెనక GB. ఇరవై ఏళ్లకి పైగా అలాగే నడిచింది. పాస్‌పోర్ట్ మీది GBR మూడక్షరాల అంతర్జాతీయ పట్టిక నుంచి వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదు. మనకి మాత్రం అదృష్టం, పాస్‌పోర్ట్ మీదా కారు మీదా రెండు చోట్లా IND.

లీడ్స్ లక్ష్మి
భలే చెప్పారు. అయితే మేం వేసవిలో స్పెయిన్‌కి కారులో వెళ్తున్నాం. నంబర్ ప్లేట్ మీద UK ఉంది, స్టిక్కర్ అక్కర్లేదు కదా?

గోదారిగట్టు
స్పెయిన్‌కైతే ప్లేట్ మీద ఉన్నా సరే UK స్టిక్కర్ అంటించుకోవాలి. సైప్రస్, మాల్టా కూడా అంతే. పాత GB స్టిక్కర్ ఉంటే పీకేయండి.

హన్మకొండ కుర్రోడు
గోదారి గారూ, నక్షత్రాలు పోయాక యూకే కార్డులు ఎలా ఉంటున్నాయి? నాతో పనిచేసే ఒకాయన బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చారు, ఆయన కార్డు మీద జెండా లేదు. నకిలీదేమోనని ఆఫీసులో నవ్వుకున్నారు.

లీడ్స్ లక్ష్మి
దీనికి నేను చెప్పగలను. నా కొత్త కార్డు మీద ఎడమ వైపు బ్రిటిష్ జెండా, UK ఉన్నాయి. 2021 మొదట్లో యూనియన్ జెండా తీసేశారు. పాత నక్షత్రాల కార్డు ఉన్నవాళ్లు గడువు దాకా వాడుకోవచ్చు. ఉత్తర ఐర్లాండ్ కార్డుల మీద బ్రిటిష్ జెండా వేయరు, అది మామూలే. రెండింటి మీదా UK ఉంటుంది కాబట్టి అక్షరాలతో తేడా తెలియదు. 4c చూడండి. నాదాంట్లో DVLA ఉంది, బెల్‌ఫాస్ట్ ఆయనది DVA అయి ఉంటుంది.

ఇంకో తమాషా. మా నంబరే ఇంటిపేరుతో మొదలవుతుంది, మొదటి అయిదు అక్షరాలు. ఇంటిపేరు పొట్టిగా ఉంటే 9 లతో నింపుతారు. మా ఇంట్లో అందరివీ RAO99 తో మొదలవుతాయి. ఆడవాళ్లకి పుట్టిన నెలలో మొదటి అంకెకి అయిదు కలుపుతారు. నాది మే నెల అయితే అక్కడ 55 అని ఉంది. మొదట్లో తప్పు అచ్చేశారనుకుని ఫోన్ కూడా చేశాను.

మెట్రో ముత్యం
నాకూ ఒక డౌటు. నా లైసెన్స్ TS తో ఉంది. 2024లో తెలంగాణ TG అయింది కదా, ఇప్పుడు మార్చుకోకపోతే విదేశాల్లో ఇబ్బందా? ఈ కుర్రోడిది కూడా TS అందుకే తిప్పి పంపారేమో?

గోదారిగట్టు
కాదండీ. TS, TG, AP అన్నవి మన రాష్ట్రాల అక్షరాలు, నంబరులో భాగం. నూరెంబర్గ్‌లో ఆవిడకి TS అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆవిడ చూసేది చివర చుక్క తర్వాత ఏముందో, అంతే. ఈ దారంలో దేశం అక్షరాల గురించి మాట్లాడుకుంటున్నాం.

న్యూజెర్సీ నాని
మా అమెరికా లైసెన్స్‌లో రాష్ట్రం పేరే పెద్దగా ఉంటుంది. దేశం సంగతి వెనక బార్‌కోడ్‌లో కూడా ఉంటుంది. ఫోన్‌లో స్కాన్ చేస్తే వచ్చే టెక్స్ట్‌లో `DCGUSA` అని ఒక ముక్క కనబడుతుంది. కెనడా అయితే `DCGCAN`. జర్మనీకి వెళ్తే కళ్లతో బార్‌కోడ్ చదవలేరు కాబట్టి రాష్ట్రం పేరు చూసి జాబితాలో ఉందో లేదో వెతుకుతారనుకుంటా.

హన్మకొండ కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. బాబాయ్, అసలు విషయం. ఇప్పుడు నేనేం చేయాలి? ఇండియన్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకు నడపొచ్చని విన్నాను. నన్ను ఇండియన్ కిందే లెక్కేస్తున్నారు కాబట్టి ఆ ఆరు నెలలు నాకూ వర్తిస్తాయి కదా? మార్చి నుంచి నడిపినదానికి భయంగా ఉంది.

డ్యూస్‌బర్గ్ బాబాయ్
ఆ ఆరు నెలల సంగతి మీద నేను రాసివ్వలేను. ఒక వాదన నీ మాటే: మూలం ఇండియా అయితే ఇండియా వాళ్లకున్న గడువు నాకూ ఉండాలి. రెండో వాదన: నీ చేతిలో ఉన్నది ఇండియన్ లైసెన్స్ కాదు, యూనియన్ కార్డు. దానికి 28వ సెక్షనే వర్తిస్తుంది, ఆ సెక్షన్ నువ్వు ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచే కాదంటుంది. ఆఫీసుకి ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకో. కౌంటర్‌లో నోటి మాట పనికిరాదు. ఇక్కడ లైసెన్స్ లేకుండా నడపడం జరిమానా టికెట్‌తో పోయేది కాదు, క్రిమినల్ కేసు, ఏడాది దాకా జైలు రాసి ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ అవతలివాళ్లకి డబ్బు కట్టి, తర్వాత నీ దగ్గర 5000 యూరోల దాకా వసూలు చేయొచ్చు. అందుకే మొదటి మాటే స్టీరింగ్ ముట్టుకోకు అన్నాను.

ఇక దారి. రెండున్నాయి.

ఒకటి, ఇండియన్ లైసెన్స్ ఆధారంగా 31వ సెక్షన్ కింద జర్మన్ లైసెన్స్‌కి దరఖాస్తు. డ్రైవింగ్ స్కూల్లో ఇన్ని గంటల క్లాసులు తప్పనిసరి అన్న నియమం ఉండదు, కానీ థియరీ, రోడ్ టెస్ట్ రెండూ పాసవ్వాలి. థియరీ ఇంగ్లిష్‌లో రాయొచ్చు. చిక్కేమిటంటే నీ ఇండియన్ కార్డు ఫిన్లాండ్‌కి ఇచ్చేశావు. దాన్ని ఒప్పుకోవడానికి ఆఫీసు ఏ కాగితాలు అడుగుతుందో ముందే కనుక్కో. మీ ఆర్టీవో నుంచి లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ తెప్పించుకోవడం ఎప్పటికైనా మంచిదే.

రెండు, ఇండియా సంగతే ఎత్తకుండా కొత్తవాడిలా మొదటి నుంచీ. స్కూలు, క్లాసులు, ఫస్ట్ ఎయిడ్, పరీక్షలు, ఆపైన రెండేళ్ల ప్రొబేషన్. ఖర్చు బాగా ఎక్కువ.

ఇప్పుడు ఎవరూ చెప్పని ముక్క. మొదటి దారిలో టెస్టులు పాసయినా సరే, కొత్త జర్మన్ కార్డు మీద దీనికి ఆధారం యూనియన్ బయటి లైసెన్స్ అని రాస్తారు. 10వ గడిలో మీ వరంగల్ తేదీ వస్తుంది, 12లో మళ్లీ 70, చివర IND. రెండో దారిలో వెళ్తే ఆ గడి ఖాళీగా ఉంటుంది.

హన్మకొండ కుర్రోడు
ఆగండి బాబాయ్. టెస్ట్ పాసయినా IND పోదా? అయితే రేపు ఆస్ట్రియాకి మారితే మళ్లీ ఇదే కథా?

డ్యూస్‌బర్గ్ బాబాయ్
జర్మనీలో ఉన్నంత కాలం నీకే ఇబ్బందీ లేదు, ఇక్కడి ఆఫీసే ఇచ్చింది కాబట్టి. సెలవులకి పక్క దేశాలకి వెళ్లినా బాధ లేదు. మకాం మార్చినప్పుడే ప్రశ్న. ఆ గడి నువ్వు టెస్ట్ పాసయ్యావో లేదో చెప్పదు, పాత కార్డు ఏ దేశానిదో మాత్రమే చెబుతుంది. అవతలి ఆఫీసు అడిగితే టెస్ట్ పాసయిన కాగితం చూపించాలి. అందుకని ఆ కాగితం పారేయకు, పెళ్లి ఆల్బమ్‌తో పాటు దాచిపెట్టుకో. ఆ కాగితం చూపిస్తే అందరూ ఒప్పుకుంటారా అంటే, నా డ్రైవర్లలో ఇద్దరికి రెండు రకాల అనుభవాలున్నాయి.

చార్మినార్ చౌరస్తా
నేనైతే రెండో దారి పడతా. ఖర్చయినా ఖాళీ గడి ఖాళీ గడే.

లీడ్స్ లక్ష్మి
పదేళ్లుగా నడుపుతున్న మనిషి మళ్లీ కొత్తవాడిలా ప్రొబేషన్‌లో ఉండటమా? ఇన్సూరెన్స్ కూడా పెరుగుతుందేమో. నేనైతే మొదటిదే.

హన్మకొండ కుర్రోడు
(ఏడు వారాల తర్వాత)
అప్‌డేట్. మొదటి దారే పట్టాను. ఉత్తరం రాస్తే ఆఫీసు జవాబిచ్చింది. ఆరు నెలల గడువు నాకు ఉందో లేదో అందులో ఒక్క ముక్క లేదు. "ఫిన్నిష్ కార్డుతో జర్మనీలో నడిపే హక్కు లేదు" అని మాత్రం ఉంది. కారు ఎక్కడం ఆపేశాను, ఆఫీసుకి ట్రామ్‌లోనే.

ఎక్స్‌ట్రాక్ట్ కోసం నాన్న ఆర్టీవో ఆఫీసుకి రెండుసార్లు తిరిగారు. మొదటిసారి పేరులో ఒక అక్షరం పాస్‌పోర్ట్‌తో కలవలేదు. రెండోసారి ముద్ర వేసి ఇచ్చారు. దాని అనువాదం చేయించి ఇచ్చాను, తీసుకున్నారు. కార్డు ఏదని అడిగితే ఫిన్లాండ్‌లో ఇచ్చేశానని చెప్పాను. వాళ్లే ఫిన్లాండ్‌ని అడుగుతామన్నారు. థియరీ వచ్చే నెల 9న.

మా కంపెనీలో ఇంకో ముగ్గురు ఫిన్లాండ్ నుంచి వచ్చిన మన వాళ్లున్నారు. నిన్న లంచ్‌లో అందరి చేతా పర్సులు తీయించి కార్డులు తిప్పించాను. ఇద్దరికి 12 ఖాళీ. మూడో అతనికి 70, చివర UAE. దుబాయ్‌లో తీసుకున్నదట. అతను నిన్న పొద్దున కూడా కారులోనే వచ్చాడు. బాబాయ్, అతనికీ నాకు చెప్పినదే చెప్పాలా, లేక UAE కి వేరే లెక్క ఉందా?

డ్యూస్‌బర్గ్ బాబాయ్
11వ అనుబంధం తాజా ప్రతి తీసి అందులో UAE ఉందేమో వెతకమను. ఈలోగా తాళాలు నువ్వు తీసుకో.